అడ్మిషన్ ఎక్కడి నుంచి వచ్చింది? రిజిస్టర్, షీట్, సీఆర్ఎమ్ – కోచింగ్ సెంటర్‌కి ఏది సరిపోతుంది

జూన్ నెలాఖరు. నీట్ లాంగ్‌టర్మ్ బ్యాచ్ నడిపే ఒక కోచింగ్ సెంటర్‌లో మీటింగ్. ఓనరు, ఫ్రంట్ ఆఫీసు మేడమ్, ఆన్‌లైన్ యాడ్స్ చూసే కుర్రాడు కూర్చున్నారు. ఆ నెలలో 38 మంది చేరారు. ఆ నెలలో చేసిన ప్రచారం ఒక్కటే, న్యూస్‌పేపర్లో పెట్టి ఇంటింటికీ పంచిన కరపత్రం. దానికైన ఖర్చు 30,000 రూపాయలు. ఓనరు ఫోన్ తీసి భాగించారు. ఒక్కో అడ్మిషన్‌కి 790 రూపాయలు కూడా పడలేదు. "ఇంత చవగ్గా వస్తుంటే యాడ్స్ మీద, స్కాలర్‌షిప్ టెస్టు మీద తగలేయడం ఎందుకండీ? వచ్చే ఏడాది మొత్తం కరపత్రాలకే పెడదాం" అన్నారు.

ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను కూర్చినవి. కానీ అచ్చం ఇలాంటి మీటింగుల్లో నేను టేబుల్‌కి రెండు వైపులా కూర్చున్నాను. ఓనరు చేసిన భాగహారంలో తప్పులేదు, భాగించిన అంకెలే ఒకదానికొకటి సంబంధం లేనివి. జూన్‌లో చేరిన 38 మందిలో ఎవరు మొదటిసారి ఎప్పుడు, ఎలా మనల్ని అడిగారో వెనక్కి వెళ్లి చూస్తే బొమ్మ ఇలా ఉంటుంది.

| ఎంక్వైరీ ఎక్కడ మొదలైంది | ఏప్రిల్‌లో చేరినవారు | మే | జూన్ | జూలై | మొత్తం |
|---|---|---|---|---|---|
| మార్చి స్కాలర్‌షిప్ టెస్టు (180 మంది) | 4 | 5 | 14 | 4 | 27 |
| మే ఆన్‌లైన్ యాడ్స్ (240 మంది) | – | 3 | 13 | 5 | 21 |
| జూన్ కరపత్రం (50 మంది) | – | – | 6 | 1 | 7 |

జూన్‌లో మిగిలిన ఐదుగురు పాత విద్యార్థులు చెబితే వచ్చినవాళ్లు. అంటే కరపత్రం తెచ్చింది మొత్తం ఏడుగురిని, ఒక్కొక్కరికి దాదాపు 4,300 రూపాయలు పడింది. టెస్టుకి 60,000 ఖర్చయితే 27 మంది వచ్చారు, ఒక్కొక్కరికి సుమారు 2,200. యాడ్స్‌కి 80,000 పెడితే 21 మంది, ఒక్కొక్కరికి 3,800 చొప్పున. చవక అనుకున్నదే మూడింట్లోనూ ఖరీదైనది. టెస్టు సంగతి ఇంకా విచిత్రం. దాన్ని ఏప్రిల్ నెలాఖరుకే లెక్కవేసి ఉంటే 180 మందిలో నలుగురే చేరారు, ఒక్కొక్కరికి 15,000 పడిందని తేలేది. ఆ అంకె చూసి టెస్టు మానేసే సెంటర్లు ఉన్నాయి.

కాబట్టి ఏ పద్ధతి కొనాలి, ఏది వాడాలి అనే ప్రశ్నకి నా దగ్గర ఒకే కొలబద్ద ఉంది. ఎంక్వైరీ పుట్టిన తేదీనీ, దాని మొదటి ఆధారాన్నీ (అంటే మన గురించి మొదట ఎక్కడ తెలిసిందో దాన్ని) అడ్మిషన్ అయ్యేదాకా చెరిగిపోకుండా ఏది కాపాడుతుంది? రిమైండర్లు, ఆటోమేటిక్ మెసేజ్‌లు, రంగురంగుల గ్రాఫులు ఆ తర్వాతి సంగతి.

ఈ ఆలస్యం ఎందుకు?

మన కేలెండరే అలా ఉంటుంది. 2025నే తీసుకోండి. ఇంటర్ ఫలితాలు ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 12న, తెలంగాణలో ఏప్రిల్ 22న వచ్చాయి. నీట్ మే 4న జరిగింది, ఫలితం జూన్ 14న వచ్చింది. మార్చిలో టెస్టు రాసిన అబ్బాయి తండ్రికి లాంగ్‌టర్మ్ గురించి ఆసక్తి ఉంటుంది, కానీ ఆయన డబ్బు కట్టరు. "ముందు పరీక్ష రాయనివ్వండి" అంటారు. మే మొదటి వారం తర్వాత కీ చూసుకుని మార్కులు ఒక అంచనాకి వస్తాయి. అప్పుడు ఫోన్లు పెరుగుతాయి, కానీ ర్యాంకు వచ్చేదాకా చాలామంది ఆగుతారు. జూన్ మధ్యలో ఫలితం వచ్చాక వారం పది రోజుల్లో నిర్ణయం తీసుకుంటారు. అందుకే మార్చి ఎంక్వైరీ జూన్‌లో పండుతుంది. మధ్యలో మూడు నెలలు అది ఎక్కడో ఒక చోట బతికి ఉండాలి.

ఇంటర్ ఫస్టియర్ బ్యాచ్‌లకైతే ఇది ఇంకా పొడుగు. డిసెంబరులో తొమ్మిదో, పదో క్లాసు పిల్లల తల్లిదండ్రులు వాకబు చేస్తారు, చేరడం పదో తరగతి ఫలితాల తర్వాతే. (కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పదహారేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవద్దనీ, సెకండరీ పరీక్ష అయ్యాకే చేర్చుకోమనీ చెబుతున్నాయి.) తొమ్మిదో క్లాసు పిల్లల ఎంక్వైరీ ఏడాదిన్నర బతకాలి. అందుకే ఏ పద్ధతి వాడినా 'ఏ సంవత్సరం బ్యాచ్ కోసం' అనే గడి ఒకటి ఉండి తీరాలి. అది లేకపోతే వచ్చే ఏడాది బ్యాచ్ కోసం అడిగినవాళ్లు ఈ ఏడాది చేరని లెక్కలోకి పోయి, బాగా పనిచేసిన ప్రచారం కూడా ఫెయిలైనట్టు కనిపిస్తుంది.

యాడ్ కంపెనీ చూపించే రిపోర్టు

ముందు దీని సంగతి తేల్చేద్దాం. చాలా సెంటర్లు ట్రాకింగ్ అంటే ఇదే అనుకుంటాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ డాష్‌బోర్డు మామూలు సెట్టింగులో క్లిక్ చేసిన ఏడు రోజుల్లోపు, చూసిన ఒక్క రోజులోపు జరిగినదాన్నే ఆ యాడ్ ఖాతాలో వేస్తుంది. గూగుల్ యాడ్స్‌లో మామూలుగా 30 రోజులు, పెంచుకుంటే 90 రోజులు. మన అడ్మిషన్ 40, 60, 100 రోజుల తర్వాత అవుతుంది. పైగా డబ్బు కట్టేది మన కౌంటర్‌లో, దాని సంగతి ఆ డాష్‌బోర్డుకి మనం చెబితే తప్ప తెలియదు.

అది ఖచ్చితంగా చెప్పేది ఒక్కటే, ఒక్కో లీడ్, అంటే యాడ్ చూసి పేరు, నంబరు ఇచ్చిన ఒక్కో మనిషి, ఎంతకి పడిందో. అది కూడా మోసపూరితమైన అంకె. ఇన్‌స్టాగ్రామ్‌లోనే నిండిపోయే ఫారంలో పేరు, నంబరు ప్రొఫైల్ నుంచి వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. వేలు రెండుసార్లు ఆనిస్తే చాలు, లీడ్ తయారు. ఫోన్ చేస్తే "నేనెప్పుడు అడిగానండీ?" అంటారు. ఫారంలో చేత్తో టైపు చేయాల్సిన ప్రశ్న ఒకటి పెడితే, అంటే 'ఇంటర్ ఏ కాలేజీలో చదివారు' లాంటిది, లీడ్ ధర పెరుగుతుంది, అడ్మిషన్ ధర మాత్రం చాలాసార్లు తగ్గుతుంది. డాష్‌బోర్డు మొదటిది చూపిస్తుంది, రెండోది చూపించదు. యాడ్స్ చూసే కుర్రాడికి జీతం మొదటి అంకె మీద ఇస్తుంటే ఆ ప్రశ్నని ఎవరు పెడతారు?

ఇంకో చిన్న ప్రమాదం. ఆ ఫారాల్లో వచ్చిన లీడ్స్‌ని 90 రోజుల్లోపే డౌన్‌లోడ్ చేసుకోగలం. మార్చిలో వచ్చినవాళ్ల జాబితా జూలైలో కావాలంటే అక్కడ దొరకదు. కాబట్టి ఈ రిపోర్టుని ఏ యాడ్ ఆపాలి, ఏ బొమ్మ మార్చాలి అని వారం వారం చూసుకోవడానికి వాడండి. వచ్చే ఏడాది డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి మాత్రం దీన్ని నమ్మకండి.

రిజిస్టర్

నవ్వకండి. ఒక్కరే కూర్చునే ఫ్రంట్ ఆఫీసు, ఏడాదికి మూడు నాలుగు వందల ఎంక్వైరీలు, ఒక్క బ్రాంచి ఉన్నచోట గీతలు గీసిన రిజిస్టరు చాలా సాఫ్ట్‌వేర్ల కన్నా నమ్మకమైనది. కారణం చిన్నదే. ఇంకుతో రాసిన తేదీ మారదు. వరుస నంబరు జరగదు. మార్చి 9న రాసిన లైను జూన్‌లో కూడా మార్చి 9నే ఉంటుంది.

రిజిస్టరు పాడయ్యేది రాసే తీరులో. నేను ఒకచోట చూసిన లైను ఇది: '9వ తారీకు. అమ్మాయి. బైపీసీ. రేపు ఫోన్ చేయమన్నారు.' పేరు లేదు, ఆధారం లేదు, రేపు చేశారో లేదో లేదు. దాని పక్కన పెన్సిల్‌తో ఒక టిక్కు. ఆ టిక్కు ఫోన్ చేసినందుకా, చేరినందుకా అని అడిగితే ఆ మేడమ్‌కే గుర్తు లేదు.

రిజిస్టరే మీకు సరిపోతుందనుకుంటే ఎడమ పేజీలో మారని సంగతులు రాయండి. వరుస నంబరు, తేదీ, విద్యార్థి పూర్తి పేరు, చదివిన కాలేజీ, తల్లి లేదా తండ్రి నంబరు, మొదటి ఆధారం, ఏ బ్యాచ్. కుడి పేజీ మొత్తం ఫోన్ చేసిన తేదీలకీ, వాళ్లన్న మాటకీ వదలండి. చివర ఎర్ర ఇంకుతో రసీదు నంబరు. రసీదు పుస్తకంలో కూడా ఎంక్వైరీ వరుస నంబరు రాయాలి, అసలు కిటుకు అదే. నెలాఖరున రసీదు పుస్తకం తెరిచి ఒక్కో వరుస నంబరు పట్టుకుని రిజిస్టర్లో వెనక్కి వెళితే పైన చూపించిన పట్టిక అరగంటలో తయారవుతుంది. ఒక సెంటర్‌లో ఆరేళ్ల క్రితం ఇలాగే చేశాం, ఇప్పటికీ ఆ పట్టికలే నాకు గుర్తున్నాయి.

ఇద్దరు ముగ్గురు ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టగానే రిజిస్టరు పని అయిపోతుంది. ఒకరు రాస్తుంటే ఇంకొకరు చీటీ మీద రాసి తర్వాత ఎక్కిస్తాననుకుంటారు. చీటీలు కనబడటం మొదలైతే మారాల్సిన టైమ్ వచ్చినట్టు.

షీట్

నేను ఎక్కువ మందికి చెప్పేది ఇదే. ఇద్దరి నుంచి నలుగురు దాకా కౌన్సిలర్లు, ఏడాదికి రెండు మూడు వేల ఎంక్వైరీలు ఉన్న సెంటర్‌కి గూగుల్ షీట్స్ చాలు. కానీ చాలామంది షీట్‌ని డిజిటల్ రిజిస్టర్లా వాడతారు, రిజిస్టర్‌కి ఉన్న మంచి గుణం మాత్రం పోగొట్టుకుంటారు. ఇందులో ఏ గడినైనా ఎవరైనా చెరిపేయవచ్చు.

అందుకని రెండు షీట్లు పెట్టండి. ఒకదాంట్లో ఒక్కో విద్యార్థికి ఒక్కటే వరుస. A గడిలో తేదీ, C లో పేరు, D లో ఫోన్, F లో మొదటి ఆధారం, G లో కోర్సు, H లో ఏ బ్యాచ్, I లో చేరిన తేదీ, K లో మానేస్తే ఆ తేదీ. రెండో షీటు ఫోన్‌కాల్స్ కోసం, చేసిన ప్రతి కాల్‌కీ కొత్త వరుస. ఇలా విడదీయకపోతే 'రిమార్క్స్' అనే ఒక్క గడిలోనే అందరూ రాస్తారు, నిన్నటి మాట మీద ఇవాళ్టి మాట పడుతుంది.

మధ్యలో ఉన్న గడుల్లో ఫార్ములాలు ఉంటాయి. B లో ఎంక్వైరీ నెల, E లో శుభ్రం చేసిన ఫోన్ నంబరు, J లో చేరిన నెల:

```
B2: =IF(A2="","","M"&TEXT(A2,"yyyymm"))
E2: =RIGHT(REGEXREPLACE(TO_TEXT(D2),"\D",""),10)
J2: =IF(I2="","","M"&TEXT(I2,"yyyymm"))
```

నెల ముందు M ఎందుకంటే, ఉత్త 2025-03 అని ఉంటే షీట్ దాన్ని తేదీగా మార్చేసి లెక్క తప్పిస్తుంది. M202503 అని ఉంటే దాని జోలికి పోదు. ఫోన్ నంబరుకి ఒకరు +91 పెడతారు, ఒకరు సున్నా పెడతారు, ఒకరు మధ్యలో ఖాళీ వదులుతారు. E గడి చివరి పది అంకెలే ఉంచుతుంది. దాని మీద డూప్లికేట్లు వెతకాలి.

ఇక పట్టిక. కొత్త షీట్‌లో A నిలువు వరుసలో ఎంక్వైరీ నెలలు, పైన మొదటి అడ్డు వరుసలో చేరిన నెలలు M202503 పద్ధతిలోనే రాసి, B2 లో ఇది పెట్టి అన్ని వైపులా లాగండి:

```
=COUNTIFS(Enq!$B:$B,$A2,Enq!$J:$J,B$1)
```

ఎంక్వైరీ షీట్ పేరు `Enq` అయితే ఇది పనిచేస్తుంది. ఒక్క ప్రచారానికే చూడాలంటే చివర F గడి షరతు ఇంకోటి కలపండి. మన కథలోని ఓనరుకి కావాల్సింది ఈ ఒక్క లైనే.

ఆధారం గడిని మాత్రం టైపు చేయనివ్వకండి. డ్రాప్‌డౌన్ పెట్టండి, ఎనిమిది పది ఎంపికలు మించకుండా. లేదంటే 'ఇన్‌స్టా', 'ఇన్స్టాగ్రాం', 'యాడ్', 'ఆన్‌లైన్' అని ఒకే దానికి నాలుగు పేర్లు వస్తాయి. చేరిన తేదీ గడిని అకౌంట్స్ వాళ్లే నింపాలి, రసీదు చూసి. కౌన్సిలర్‌కి ఇన్సెంటివ్ ఉన్నచోట ఆ గడి కౌన్సిలర్ చేతిలో ఉండకూడదు. తప్పు చేస్తారని కాదు, నెలాఖరున "రేపు కడతానన్నారు కదా" అని ముందే వేసేస్తారు.

షీట్‌కి అసలు జబ్బు సార్టింగ్. ఎవరో ఒక్క ఫోన్ గడులనే సెలక్ట్ చేసి సార్ట్ కొడతారు. పేర్లు ఉన్నచోటే ఉంటాయి, నంబర్లు జారిపోతాయి. పైకి ఏమీ తెలియదు. వారం తర్వాత టెలీకాలర్ "వైష్ణవి వాళ్ల నాన్నగారేనా అండీ?" అంటే అవతల "రాంగ్ నంబర్" అంటారు, వరుసగా పదిమంది. అలా పదిమంది అన్నారంటే నంబర్లు మార్చుకున్నారని కాదు, షీట్ జారింది. వర్షన్ హిస్టరీలోకి వెళ్లి జారని రోజుకి తిరిగి వెళ్లొచ్చు, కానీ ఈ మధ్య ఎక్కించినవి మళ్లీ చేత్తో ఎక్కించాలి. అందుకే A నుంచి F దాకా ఉన్న గడులకి ప్రొటెక్షన్ పెట్టి, ఎవరికి కావాల్సినట్టు వాళ్లు చూసుకోవడానికి ఫిల్టర్ వ్యూ నేర్పండి. కొత్త ఎంక్వైరీలు గూగుల్ ఫారం ద్వారానే లోపలికి రావాలి.

మరో మాట. వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్లు పెట్టుకుని అదే ట్రాకింగ్ అనుకునేవాళ్లున్నారు. లేబుల్ ఇవాళ్టి స్థితి చెబుతుంది గానీ అది ఎప్పుడు మారిందో చెప్పదు. యాప్‌లోని బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికే చోటు, పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళుతుంది. మార్చి టెస్టు రాసిన 180 మందిలో మన నంబరు ఎంతమంది సేవ్ చేసుకుని ఉంటారో మీరే ఊహించుకోండి.

సీఆర్ఎమ్

ఐదారుగురు టెలీకాలర్లు, రెండు మూడు బ్రాంచీలు ఉన్నప్పుడు షీట్ మొరాయిస్తుంది. ఒకే తండ్రికి రెండు బ్రాంచీల నుంచి ఫోన్ వెళుతుంది, ఎవరు ఎన్ని కాల్స్ చేశారో తెలియదు, జూన్ 14 లాంటి రోజున వచ్చే కాల్స్‌లో సగం ఎక్కవు. అక్కడ సీఆర్ఎమ్, అంటే ఎంక్వైరీలనీ కాల్స్‌నీ ఒకేచోట నమోదు చేసే సాఫ్ట్‌వేర్, డబ్బుకి తగ్గ పనే చేస్తుంది. యాడ్ ఫారం నుంచి లీడ్ నేరుగా వచ్చి పడుతుంది, కాల్ దానంతటదే నమోదవుతుంది, మూడు నెలల తర్వాతి తారీకుకి పెట్టిన రిమైండర్ ఆ రోజు లేస్తుంది.

కానీ మన కొలబద్ద దగ్గరికి వస్తే, నేను చూసినవాటిలో కొన్ని ఇక్కడే తప్పాయి. మార్చి టెస్టు రాసిన అమ్మాయి మేలో మన యాడ్ చూసి మళ్లీ ఫారం నింపిందనుకోండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు కొత్త లీడ్ సృష్టిస్తాయి, అప్పుడు ఒకే మనిషి ఇద్దరవుతుంది. కొన్ని పాత లీడ్‌నే అప్‌డేట్ చేస్తాయి, కానీ సోర్స్ గడిలో 'స్కాలర్‌షిప్ టెస్ట్' తీసేసి 'ఇన్‌స్టాగ్రామ్' రాస్తాయి. అంటే టెస్టు తెచ్చిన అడ్మిషన్‌ని యాడ్ ఎగరేసుకుపోతుంది. ఓనరు భాగహారంలో జరిగిన తప్పే ఇక్కడా జరుగుతుంది, ఈసారి నెలనెలా డబ్బు కట్టి మరీ.

అందుకే డెమోలో సేల్స్ అబ్బాయి చూపించే స్లైడ్లు పక్కన పెట్టి ట్రయల్ అకౌంట్ అడగండి. మీ ఫోన్ నంబరుతోనే ఒక లీడ్ ఎక్కించి ఆధారం 'టెస్ట్' అని పెట్టండి. మర్నాడు అదే నంబరుతో, ముందు +91 తగిలించి, వెబ్‌సైట్ ఫారం నుంచి ఇంకోసారి పంపండి. తర్వాత ఆ లీడ్‌ని చేరినట్టు మార్చి, మొత్తం సీఎస్‌వీ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫైల్లో ఒక్కటే వరుస ఉందా? పుట్టిన తేదీ నిన్నటిదేనా? మొదటి ఆధారం, చివరి ఆధారం రెండూ వేరువేరుగా ఉన్నాయా? చేరిన తేదీ ఉందా, లేక 'చేరారు' అని స్థితి మాత్రమే ఉందా? ఈ నాలుగూ ఉంటే తీసుకోండి. తేదీలు ఎక్స్‌పోర్ట్‌లో రాకపోతే, ఎంత బాగున్నా వద్దు. మూడేళ్ల తర్వాత మీరు దాన్ని వదిలేసే రోజున మీ చేతిలో మిగిలేది ఆ ఫైలే.

ఇంకో చోట డబ్బు ఆదా చేయబోయి చెడగొట్టుకుంటారు. ఈ సాఫ్ట్‌వేర్లకి ఎక్కువగా మనిషికింత అని కట్టాలి. దాంతో ఆరుగురికి రెండు లాగిన్లు తీసుకుంటారు. రెండో నెలకల్లా ఎవరు ఎవరితో మాట్లాడారో ఎవరికీ తెలియదు. ఆరు లాగిన్లు కొనలేకపోతే షీట్‌లోనే ఉండటం మేలు.

టెలీకాలర్ల ప్రవర్తన కూడా సాఫ్ట్‌వేర్‌ని బట్టి మారుతుంది. పెండింగ్ జాబితా ఎర్రగా మెరుస్తుంటే సాయంత్రానికి దాన్ని ఖాళీ చేయడమే పని అయిపోతుంది. "రిజల్ట్ వచ్చాక చూస్తామండీ" అన్న తండ్రి 'నాట్ ఇంట్రెస్టెడ్'లోకి పోతాడు. ఏప్రిల్‌లో ఈ స్థితి గలవాళ్లలో ఇరవై మందికి మీరే ఫోన్ చేసి చూడండి. వాళ్లలో కొందరు ఇంకా ఎదురు చూస్తూనే ఉంటారు. 'రిజల్ట్ తర్వాత' అని వేరే స్థితి ఒకటి పెట్టి, దానికి ఫలితం తారీకునే తర్వాతి కాల్‌గా ఇస్తే ఈ నష్టం చాలావరకు ఆగుతుంది.

ఏది వాడినా తేల్చుకోవాల్సినవి

ఆధారం ఎలా అడగాలి అన్నది సాఫ్ట్‌వేర్ చేతిలో లేదు. "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగితే "అందరూ చెప్పారండీ", "బోర్డు చూశాం" అంటారు. అది జవాబు కాదు, మర్యాద. "మా నంబరు మీకు ఎక్కడ దొరికిందండీ?" అని అడిగి చూడండి. "కరపత్రం మీద ఉంది కదండీ" అనో, "మా బావగారబ్బాయి మీ దగ్గరే చదివాడు" అనో వస్తుంది. కరపత్రానికి ఒక నంబరు, ఫ్లెక్సీకి ఇంకో నంబరు వేయగలిగితే అడగాల్సిన అవసరం కూడా తగ్గుతుంది. ఒక సిమ్‌కార్డు ఖర్చు, అంతే.

ఒకే విద్యార్థి మూడుసార్లు కనబడతాడన్నది ఇంకో చిక్కు. తండ్రి ఫోన్ చేస్తాడు, తల్లి ఫారం నింపుతుంది, పిల్లాడు ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెడతాడు. నంబర్లు మూడూ వేరు. మరోపక్క అక్కాతమ్ముళ్లకి ఇంట్లో ఒకటే నంబరు. కాబట్టి నంబరు ఒక్కటే చూసి కలపకండి, విద్యార్థి పేరు, చదివిన కాలేజీ కూడా చూడండి. చేరేటప్పుడు అప్లికేషన్‌లో తల్లి నంబరు, తండ్రి నంబరు, విద్యార్థి నంబరు మూడూ తీసుకుని మూడింటినీ పాత జాబితాలో వెతికితే ఎక్కువ భాగం దొరుకుతాయి. వాటిలో అన్నిటికన్నా పాత తేదీయే అసలు ఎంక్వైరీ తేదీ. స్కాలర్‌షిప్ టెస్టులో మైనర్ల వివరాలు తీసుకుంటున్నప్పుడు తల్లిదండ్రుల నంబరు, సంతకం తీసుకోవడం ఎలాగూ మంచిది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లని పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది.

అన్నిటికన్నా గొడవ పెట్టేది 'అడ్మిషన్' అంటే ఏమిటన్నది. సీటు ఆపుకోవడానికి కట్టిన టోకెన్ అడ్మిషనా? మొదటి ఇన్‌స్టాల్‌మెంటా? కౌన్సిలర్‌కి టోకెన్ కావాలి, అకౌంట్స్‌కి ఇన్‌స్టాల్‌మెంట్ కావాలి, మీటింగ్‌లో ఇద్దరూ రెండు అంకెలు చెబుతారు. నా మాటకొస్తే మొదటి ఇన్‌స్టాల్‌మెంట్ కట్టి, రెండు వారాలు క్లాసుకి వచ్చినవాళ్లనే లెక్కపెట్టండి. టోకెన్‌కి వేరే తేదీ గడి పెట్టండి, కలపకండి.

లాంగ్‌టర్మ్‌లో ఇది కూడా చివరి లెక్క కాదు. నీట్ కౌన్సెలింగ్ రౌండ్లు నడుస్తున్నకొద్దీ కొందరికి సీటొచ్చి మధ్యలో వెళ్లిపోతారు. 2024 మార్గదర్శకాల ప్రకారం మిగిలిన కాలానికి తగ్గ ఫీజు పది రోజుల్లోగా తిరిగివ్వాలి. జూలైలో 55 మంది అని చూపించిన పట్టిక నవంబరుకి 47 కావచ్చు. ఏ ప్రచారం నుంచి వచ్చినవాళ్లు నిలబడ్డారు, ఏది తెచ్చినవాళ్లు ఎక్కువగా వెళ్లారు అని చూడటానికే షీట్‌లో ఆ K గడి. స్కాలర్‌షిప్ టెస్టులో పైన వచ్చిన పిల్లలకి సీటొచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, వాళ్లలోనే ఎక్కువమంది వెళ్లిపోతే ఆశ్చర్యపోకండి. ఆ 27 నవంబరులో 22 అయితే, ఒక్కొక్కరికి పడింది 2,200 కాదు, 2,700 దాటుతుంది. అప్పటికీ అది కరపత్రం కన్నా, యాడ్స్ కన్నా చవకే.

ఇక పద్ధతి మార్చేది ఎప్పుడు? ఏప్రిల్, మే, జూన్‌లలో మాత్రం వద్దు. మేలో కొత్త సీఆర్ఎమ్ పెట్టిన ఒక సెంటర్‌లో నేను పనిచేశాను. పాత షీట్ మొత్తం ఒకేసారి ఎక్కించారు. సాఫ్ట్‌వేర్ అన్ని లీడ్స్‌కీ ఎక్కించిన రోజునే పుట్టిన తేదీగా వేసుకుంది. ఆ ఏడాది పట్టికలో 1,100 ఎంక్వైరీలు ఒకే రోజున, మే 19న పుట్టాయి. మార్చి, ఏప్రిల్ వరుసలు సున్నా. పాత షీట్‌ని కొత్తది వచ్చిందన్న ధీమాతో తీసేశారు కాబట్టి సరిచేయడానికి ఏమీ మిగల్లేదు. మారాలంటే అక్టోబరు, నవంబరు చూసుకోండి. ముందు పది వరుసలే ఎక్కించి పాత తేదీలు నిలిచాయో లేదో ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి, తర్వాత వచ్చే ఏడాది బ్యాచ్ కోసం అడిగినవాళ్లని మాత్రమే తరలించండి. పాత షీట్‌ని రీడ్-ఓన్లీ చేసి వచ్చే జూలై దాకా ఉంచండి.